తీర్పు మే నెలలో వచ్చింది, లెక్క ఏ సంవత్సరానిది? ప్రొవిజన్ పెట్టాలా, నోట్‌లో చెప్పాలా తేల్చే పద్ధతి

హన్మకొండలో సీఏ పిల్లల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు ఒకే తప్పు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ప్రొవిజన్ అంటే ఏంటి, కంటింజెంట్ లయబిలిటీ అంటే ఏంటి అని అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తారు. అదే సినారియోలో "మే 20న తీర్పు వచ్చింది" అనే ఒక్క వాక్యం కనిపిస్తే చాలు, సగం మంది "ఇది వచ్చే సంవత్సరం ఖర్చు" అని రాసేస్తారు. మిగతావాళ్లలో కొందరు తీర్పు మొత్తాన్ని బుక్ చేసి, అదే పెన్నుతో ఏప్రిల్‌లో జరిగిన అగ్నిప్రమాదాన్ని కూడా బుక్ చేసేస్తారు. ఇద్దరూ చూస్తున్నది వార్త వచ్చిన తేదీనే. చూడాల్సింది ఆ వార్తకు మూలం ఎప్పుడు పడిందన్నది.

ఇండ్ ఏఎస్ 37, ఇండ్ ఏఎస్ 10 రెండూ కలిసి వచ్చే ప్రశ్నలోనే ఈ తికమక ఎక్కువ. అందుకే అలాంటి ప్రశ్న ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరి దాకా విప్పుకుందాం. ఏఎస్ 29, ఏఎస్ 4 కింద చదివేవాళ్లకు కూడా ఆలోచన ఇదే. తేడా వచ్చే చోట్లు చివర్లో చెప్తాను.

ప్రశ్న

వరంగల్‌లో మిర్చి విత్తనాలు అమ్మే కంపెనీ ఉందనుకోండి. దాని ఆర్థిక సంవత్సరం 2025 మార్చి 31తో ముగిసింది. ఆర్థిక నివేదికలను బోర్డు 2025 జూన్ 28న ఆమోదించింది. సర్వసభ్య సమావేశం సెప్టెంబర్‌లో.

2024 జూలైలో అమ్మిన ఒక లాట్ విత్తనంతో మొక్కలు ఏపుగా పెరిగాయి కానీ కాయ పట్టలేదు. 40 మంది రైతులు 2025 జనవరిలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి 60 లక్షలు అడిగారు. మార్చి 31న కంపెనీ లాయర్ ఇచ్చిన అభిప్రాయం: ఓడిపోయే అవకాశం 40 శాతం. మే 20న కమిషన్ తీర్పు ఇచ్చింది: నష్టపరిహారం 38 లక్షలు, రైతుల కోర్టు ఖర్చులు 2 లక్షలు కంపెనీ కట్టాలి. అప్పీలుకు వెళ్లకూడదని కంపెనీ నిర్ణయించుకుంది. ఇలాంటి క్లెయిముల కోసం తీసుకున్న పాలసీ కింద, తీర్పు ఎదురైతే 15 లక్షలు చెల్లిస్తామని బీమా సంస్థ మార్చి 20నే షరతులేమీ లేకుండా రాతపూర్వకంగా ఒప్పుకుంది.

ఇవి కాక, ఏప్రిల్ 12న జనగామ డీలర్ ఒకరు దివాలా తీశారు. మార్చి 31 నాటికి అతని బాకీ 24 లక్షలు. మే 5న కోల్డ్ స్టోరేజీలో మంటలు లేచి 80 లక్షల సరుకు కాలిపోయింది, దానికి బీమా లేదు. జూన్ 28న బోర్డు డివిడెండ్ ప్రతిపాదించింది.

1. ముందు రెండు తేదీలు గీసుకోండి

రఫ్ పేజీలో ఒక గీత గీసి దాని మీద మార్చి 31, జూన్ 28 గుర్తు పెట్టండి. మార్చి 31 తర్వాత, జూన్ 28 లోపు జరిగినవి మాత్రమే ఇండ్ ఏఎస్ 10 పరిధిలోకి వస్తాయి. కంపెనీ విషయంలో రెండో గుర్తు బోర్డు ఆమోదించిన తేదీ. వాటాదారుల సమావేశం తేదీ కాదు. ప్రశ్నలో సెప్టెంబర్ ఎందుకు ఇచ్చారంటే మీరు దాన్ని పట్టుకుంటారేమో చూడటానికి. జూలై 5న ఏదో జరిగిందని ఇస్తే ఈ స్టాండర్డ్ ప్రకారం దాన్ని ఈ లెక్కల్లోకి తేవాల్సిన పని లేదు.

2. ఒక్కో విషయానికి మూల సంఘటన వెతకండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలి. విత్తనాల కేసులో కనీసం నాలుగు తేదీలు ఉన్నాయి: అమ్మిన జూలై, కేసు వేసిన జనవరి, లాయర్ మాట చెప్పిన మార్చి 31, తీర్పు వచ్చిన మే 20. వీటిలో కంపెనీని ఇరికించింది ఏది? లోపమున్న విత్తనాన్ని అమ్మడమే. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది కాబట్టి, అమ్మిన రోజు నుంచే చట్టపరమైన బాధ్యతకు ఆస్కారం ఉంది. కేసు వేయడం, తీర్పు రావడం ఆ బాధ్యతను బయటపెట్టే మెట్లు మాత్రమే. కేసే ఏప్రిల్‌లో వేశారని ప్రశ్న మార్చినా మూల సంఘటన జూలైలోనే ఉంటుంది.

దీన్ని పరీక్షించడానికి ఒక ప్రశ్న వేసుకోండి: మార్చి 31న కంపెనీ ఇకపై ఏం చేసినా, ఏం మానేసినా ఈ డబ్బు కట్టకుండా తప్పించుకోగలదా? విత్తనం అమ్మేశారు, పొలంలో పడింది, పంట పోయింది. వ్యాపారం మూసుకున్నా అది వెనక్కి రాదు. తప్పించుకోలేరు. అంటే గతంలో జరిగిన సంఘటన ఉంది.

ఇదే ప్రశ్న ఇంకో దానికి వేసి చూడండి. ఇలాంటి గొడవ మళ్లీ రాకూడదని 30 లక్షలతో కొత్త టెస్టింగ్ ల్యాబ్ పెట్టాలని మార్చి 25న బోర్డు తీర్మానం చేసిందనుకుందాం. తీర్మానం మార్చిలోనే జరిగింది, మొత్తం తెలుసు, ఖర్చు కావడం దాదాపు ఖాయం. అయినా ప్రొవిజన్ రాదు. కంపెనీ రేపు మనసు మార్చుకుంటే ల్యాబ్ పెట్టకుండా ఉండొచ్చు, బయటివాళ్లకు ఎవరికీ బాకీ లేదు. పరీక్షలో ఈ ల్యాబ్ లాంటి విషయాన్ని కేసు పక్కనే ఇస్తారు. "చాలా అవకాశం ఉంది" అన్న మాట చూసి చాలామంది బుక్ చేస్తారు. అవకాశం గురించి అడగడానికి ముందు బాధ్యత ఉండాలి కదా.

3. మార్చి 31న నిలబడి అవకాశం తూచండి

తీర్పు సంగతి కాసేపు మర్చిపోండి. డబ్బు బయటికి పోయే అవకాశం పోకుండా ఉండే అవకాశం కంటే ఎక్కువైతే, అంటే 50 శాతం దాటితే, నమ్మదగిన అంచనా కూడా వేయగలిగితే ప్రొవిజన్. అంతకంటే తక్కువైతే కంటింజెంట్ లయబిలిటీ, నోట్స్‌లో చెప్పాలి. చాలా స్వల్పమైతే ఏమీ చెప్పనక్కర్లేదు.

లాయర్ అన్నది 40 శాతం. ఆ ఒక్క మాటతో చూస్తే ఇది కంటింజెంట్ లయబిలిటీ. మీ జవాబులో ఈ వాక్యం రాయండి, దాటేయకండి. తర్వాతి మెట్టు దీన్ని ఎందుకు మార్చిందో చూపించడానికి ఇదే ఆధారం.

ఇక్కడ దొర్లే పెద్ద పొరపాటు, 60 లక్షలను 40 శాతంతో గుణించి 24 లక్షల ప్రొవిజన్ పెట్టడం. ప్రొవిజన్ పెట్టాలా వద్దా అన్నది అవునా కాదా అనే ప్రశ్న. 40 శాతం ప్రొవిజన్ అంటూ ఉండదు. గడప దాటితే మొత్తం అంచనా వస్తుంది, దాటకపోతే బ్యాలెన్స్ షీట్‌లో సున్నా.

4. ఇప్పుడు మే 20 తీర్పును మార్చి 31 మీద పరచండి

ఆ తీర్పు కొత్త బాధ్యతను పుట్టించిందా, లేక మార్చి 31న అప్పటికే ఉన్న పరిస్థితిని మనకు చూపించిందా? జూలైలో అమ్మిన విత్తనం లోపమున్నదే అని తేల్చింది. ఆ లోపం మార్చి 31న కూడా ఉంది, మనకు ఖాయంగా తెలియలేదంతే. ఇండ్ ఏఎస్ 10 సర్దుబాటు చేయాల్సిన సంఘటనలకు ఇచ్చే మొదటి ఉదాహరణ ఇలాంటి కోర్టు కేసే. ఇండ్ ఏఎస్ 37 కూడా, బాధ్యత ఉందో లేదో తేల్చేటప్పుడు రిపోర్టింగ్ తేదీ తర్వాత వచ్చిన సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోమనే చెప్తుంది. కాబట్టి లాయర్ 40 శాతం మాట పక్కకు పోతుంది. 2024-25 లెక్కల్లోనే ప్రొవిజన్ పెట్టాలి. ఇది ఉత్త నోటుతో సరిపోదు.

కంపెనీ అప్పీలుకు వెళ్తానంటే? అప్పుడు తీర్పు ఒక్కటే చూసి ముగించకూడదు. జిల్లా కమిషన్ తీర్పు మీద 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు వెళ్లొచ్చు, దానికి తీర్పు మొత్తంలో సగం డిపాజిట్ చేయాలి. అప్పీలులో గెలిచే అవకాశమే ఎక్కువని లాయర్ గట్టి కారణాలతో చెప్తే, ఇది కంటింజెంట్ లయబిలిటీగానే ఉండిపోవచ్చు. కారణం లేకుండా "అప్పీలు చేస్తాం కాబట్టి ప్రొవిజన్ వద్దు" అని మేనేజ్‌మెంట్ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఒకసారి ఓడిన తర్వాత పైన గెలుస్తామనడానికి ఆధారం చూపించాల్సింది కంపెనీయే. డిపాజిట్ కట్టారన్న కారణంతో అది దానంతట అదే ఖర్చు అయిపోదు, గెలిస్తే తిరిగొచ్చే డబ్బది. సినారియోలో అప్పీలు ఊసే లేకపోతే మీరు తెచ్చుకోకండి. ఉంటే లాయర్ మాట ఎక్కడుందో వెతకండి.

5. మొత్తం ఎంత

ఒకే కేసు, ఒకే తీర్పు. ఇలాంటి చోట జరగడానికి ఎక్కువ అవకాశమున్న ఫలితమే అంచనాకు ఆధారం, ఇక్కడ అది తీర్పే చెప్పింది: 38 లక్షలు ప్లస్ రైతుల ఖర్చులు 2 లక్షలు, మొత్తం 40 లక్షలు. రైతులు అడిగిన 60 లక్షలు కాదు. మిగతా 20 లక్షల కోసం రైతులే పైకి వెళ్లే అవకాశం ఉందని ప్రశ్న చెప్తే, ఆ 20 లక్షలను కంటింజెంట్ లయబిలిటీగా నోట్‌లో చెప్పాలి. ఒకే రూపాయిని ప్రొవిజన్‌లోనూ నోట్‌లోనూ చూపకూడదు. కంపెనీ సొంత లాయర్‌కు ఏప్రిల్ తర్వాత చేసిన పనికి ఇచ్చే ఫీజు ఈ 40లో కలవదు, ఆ సేవ ఇంకా అందలేదు కదా. మార్చి 31 వరకు చేసిన పనికి ఫీజు బాకీ ఉంటే అది మామూలు చెల్లింపు బాకీ.

చాలా చిన్న చిన్న బాధ్యతలు గుంపుగా ఉంటే లెక్క మారుతుంది. అక్కడ మాత్రం శాతాలతో గుణించాలి. ఉదాహరణకు మొలక రాకపోతే ప్యాకెట్ మారుస్తామని కంపెనీ హామీ ఇచ్చి, మార్చిలోపు 50,000 ప్యాకెట్లు అమ్మిందనుకోండి. అనుభవం ప్రకారం 94 శాతం మీద ఫిర్యాదు రాదు, 5 శాతానికి 300 రూపాయల ప్యాకెట్ మార్చాలి, 1 శాతానికి నారు ఖర్చుతో కలిపి 2,000 ఇవ్వాలి. 2,500 ప్యాకెట్ల మీద 7.5 లక్షలు, 500 ప్యాకెట్ల మీద 10 లక్షలు, మొత్తం 17.5 లక్షల ప్రొవిజన్. విడిగా ఒక్క ప్యాకెట్‌ను చూస్తే డబ్బు పోయే అవకాశం 6 శాతమే, గుంపుగా చూస్తే ఎంతో కొంత పోవడం ఖాయం. అందుకే అవకాశాన్ని గుంపు మొత్తానికి కలిపి తూస్తారు. కోర్టు కేసు దగ్గర గుణించకూడదు, హామీ దగ్గర గుణించాలి అన్న తేడాకు కారణం ఇదే.

6. బీమా డబ్బును ప్రొవిజన్ నుంచి తీసేయకండి

రైతులకు కంపెనీ బాకీ 40 లక్షలు. బీమా సంస్థ కంపెనీకి ఇవ్వాల్సింది 15 లక్షలు. ఇవి రెండు వేర్వేరు సంబంధాలు. బీమా సంస్థ ఇవ్వకపోయినా రైతులకు 40 కట్టాల్సిందే. అందుకే బ్యాలెన్స్ షీట్‌లో ప్రొవిజన్ 40 అటు, రావాల్సిన బీమా 15 ఇటు ఆస్తిగా విడిగా ఉండాలి. లాభనష్టాల ఖాతాలో మాత్రం రెండూ కలిపి 25 లక్షల నికర ఖర్చుగా చూపే వీలుంది. ఆస్తి మొత్తం ప్రొవిజన్ మొత్తాన్ని దాటకూడదు.

ఈ ఆస్తిని రాయాలంటే డబ్బు రావడం దాదాపు ఖాయమై ఉండాలి. 50 శాతం దాటితే చాలదు. మార్చి 20నే షరతుల్లేని ఉత్తరం ఉంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. అదే ఉత్తరం జూన్‌లో వచ్చి ఉంటే చిక్కు. మార్చి 31 నాటికే దాదాపు ఖాయమని చెప్పగలమా అన్నది చర్చకు లోబడి ఉంటుంది. ఆ రకం ప్రశ్న వస్తే మీరు ఏ ఊహ మీద వెళ్తున్నారో ఒక లైన్లో రాసి ముందుకు సాగడమే క్షేమం. బాధ్యతకు ఒక గడప, రాబడికి అంతకంటే ఎత్తైన గడప అని మాత్రం గుర్తుండాలి.

7. డీలర్ దివాలా, అగ్నిప్రమాదం

ఇప్పుడు అదే ప్రశ్నను మిగతా వాటికి వేయండి: మార్చి 31న ఆ పరిస్థితి ఉందా?

జనగామ డీలర్ ఏప్రిల్ 12న దివాలా తీశాడు. మనిషి పన్నెండు రోజుల్లో ఆరిపోడు. మామూలుగా దివాలా వెనుక చాలాకాలంగా పేరుకున్న ఇబ్బంది ఉంటుంది కాబట్టి, మార్చి 31 నాటికే ఆ బాకీ చెడిందని ఇది రుజువు చేస్తుంది. వసూలు కాని మేరకు 24 లక్షల్లో నష్టాన్ని 2024-25లోనే చూపాలి. జనవరి నుంచే వాయిదాలు ఆపేశాడని ప్రశ్నలో ఉంటే మీ వాదన మరింత గట్టిపడుతుంది. కానీ "ఏప్రిల్ 8న షార్ట్ సర్క్యూట్ వల్ల డీలర్ గోడౌన్ మొత్తం కాలిపోయి, దానివల్ల దివాలా తీశాడు" అని ఉంటే? మార్చి 31న అతను బాగానే ఉన్నాడు. దెబ్బ తగిలింది ఏప్రిల్‌లో. అప్పుడు సర్దుబాటు వద్దు, మొత్తం పెద్దదైతే నోట్ చాలు. దివాలా అన్న మాట చూడగానే కలం పెట్టేయకుండా దాని కారణం చదవాలి.

కోల్డ్ స్టోరేజీ మంటల్లో అయోమయం లేదు. మార్చి 31న సరుకు నిక్షేపంగా ఉంది, కాలింది మే 5న. మార్చి 31 బ్యాలెన్స్ షీట్‌లో 80 లక్షల సరుకు అలాగే ఉంటుంది. ఏం జరిగిందో, నష్టం ఎంతో నోట్‌లో చెప్పాలి. బీమా కూడా లేదు కాబట్టి ఒక్క విషయం ఇక్కడ ఆగి చూడండి: ఈ నష్టంతో కంపెనీ నడవడమే కష్టమయ్యే పరిస్థితి వచ్చిందా? వ్యాపారం మూసేయడం తప్ప వేరే దారి లేదని జూన్ 28 లోపు తేలితే, మంటలు మేలో లేచినా సరే, కంపెనీ కొనసాగుతుందన్న ఆధారం మీద లెక్కలు తయారు చేయకూడదు. సర్దుబాటు చేయనక్కర్లేని సంఘటన మొత్తం లెక్కల పునాదినే మార్చేసే చోటు ఇదొక్కటే. సినారియోలో "కంపెనీకి ఉన్నది ఈ ఒక్క నిల్వే" లాంటి మాట కనిపిస్తే దాన్ని ఊరికే ఇవ్వలేదని అర్థం చేసుకోండి.

డివిడెండ్ మార్చి 31న బాకీ కాదు. నోట్‌లో చెప్పి వదిలేయండి.

8. జవాబు రాసే వరుస

ఒక్కో విషయానికి నాలుగు వాక్యాలు చాలు: మూల సంఘటన ఎప్పుడు, మార్చి 31న బాధ్యత లేదా పరిస్థితి ఉందా, తర్వాతి సమాచారం ఏం రుజువు చేసింది, కాబట్టి ఎంత, ఎక్కడ. విత్తనాల కేసుకు అది ఇలా వస్తుంది:

"లోపమున్న విత్తనాల అమ్మకం 2024 జూలైలో జరిగింది కాబట్టి బాధ్యతకు కారణమైన సంఘటన రిపోర్టింగ్ తేదీకి ముందుదే. మార్చి 31 నాటి 40 శాతం అంచనా ప్రకారం ఇది కంటింజెంట్ లయబిలిటీ అయినా, మే 20 తీర్పు ఆ తేదీకే బాధ్యత ఉందని నిర్ధారించింది, అప్పీలు లేదు. ఇది సర్దుబాటు చేయాల్సిన సంఘటన. 40 లక్షల ప్రొవిజన్, 15 లక్షల బీమా రాబడి విడిగా ఆస్తిగా గుర్తించాలి."

కింద జర్నల్ ఎంట్రీ: క్లెయిమ్ ఖర్చు డెబిట్ 40 లక్షలు, క్లెయిమ్ ప్రొవిజన్ క్రెడిట్ 40 లక్షలు. బీమా సంస్థ నుంచి రావాల్సింది డెబిట్ 15 లక్షలు, క్లెయిమ్ ఖర్చు క్రెడిట్ 15 లక్షలు. "ఇండ్ ఏఎస్ 10 ప్రకారం సర్దుబాటు చేయాలి" అని ముగింపు మాత్రమే రాసి, జూలై అన్న మాట ఎక్కడా రాకపోతే సగం మార్కులు పోయినట్టే.

ఏఎస్ వాళ్లకు ఇక్కడ తేడా రాయాల్సిన చోట్లు రెండు. సర్దుబాటు అక్కర్లేని ముఖ్యమైన సంఘటనను, మంటల లాంటిదాన్ని, ఇండ్ ఏఎస్ 10 కింద ఆర్థిక నివేదికల నోట్స్‌లో చెప్తారు. ఏఎస్ 4 కింద అది వెళ్లేది ఆమోదించే అధికారి నివేదికలోకి, కంపెనీలో అయితే బోర్డు నివేదికలోకి. అలాగే కంపెనీయే ఎవరి మీదైనా కేసు వేసి గెలిచే అవకాశం ఎక్కువగా ఉంటే, ఇండ్ ఏఎస్ 37 దాన్ని కంటింజెంట్ ఆస్తిగా నోట్స్‌లో చెప్పమంటుంది. ఏఎస్ 29 అయితే ఆర్థిక నివేదికల్లో చెప్పనివ్వదు, చెప్పాలనుకుంటే ఆ బోర్డు నివేదికలోనే చెప్పుకోవాలి.